ఆదివారం మాట్లాడుకుందామని

అనంతపురం,
గురువారం రాత్రి

ఏమండీ,

ఎదురుగా చెబితే మధ్యలో నా గొంతు మారుతుందేమోనని కాగితం మీద రాస్తున్నాను. ఇంటి పనిలో ఎక్కువ భాగం నా మీదే పడుతోందని కొన్ని నెలలుగా అనిపిస్తోంది. ఎవరెంత చేశారో తేల్చడానికి కాదు, నేను అలసిపోతున్నానని మీకు తెలియాలని ఈ ఉత్తరం.

కొళాయి వచ్చే వేళకు లేచి డ్రమ్ములు నింపి, పాపకు క్యారియర్ కట్టి, అత్తమ్మకు షుగరు మాత్ర ఇచ్చి, బడికి వెళ్లే బస్సు ఎక్కేసరికే నా ఓపిక సగం అయిపోతోంది. నిజానికి చేతులతో చేసే పనికన్నా, గ్యాసు ఎప్పుడు అయిపోతుందో, ఫీజు గడువు ఎప్పుడో, మాత్రలు ఇంకెన్ని ఉన్నాయో ఎప్పుడూ తలలో పెట్టుకుని తిరగడమే నాకు ఎక్కువ బరువుగా ఉంది. అడిగితే మీరు ఏ పనీ కాదనలేదు. ప్రతిసారీ అడగవలసి రావడమే కష్టంగా ఉంది.

మీరు అంగడి మూసి రాత్రి తొమ్మిదిన్నరకు ఎంత నలిగిపోయి వస్తారో నాకు తెలుసు. అయినా నీళ్లు పట్టడం, అత్తమ్మ మందులు, ఈ రెండూ గుర్తుపెట్టుకోవడంతో సహా పూర్తిగా మీరు చూసుకోగలరా? మీ పద్ధతిలో చేస్తే నేను జోక్యం చేసుకోను. (మీరు ఉగ్గాని చేసిన రోజు వంటగది చూసి నేనన్న మాట నాకే బాగోలేదు.)

ఆదివారం మధ్యాహ్నం అత్తమ్మ పడుకున్నాక కాసేపు కూర్చుందాం. మీకు బరువుగా ఉన్నవేమిటో అప్పుడు నాకూ చెప్పండి.

మీ
సుజాత