ఈ పండక్కి ఇంటికి ఉత్తరం

హైదరాబాద్, హాస్టల్
జనవరి 10

అమ్మా, నాన్నగారూ, మామ్మా, తమ్ముడూ,

మీ అందరికీ భోగి, సంక్రాంతి, కనుమ పండగ శుభాకాంక్షలు. ఫోన్లో చెప్దామంటే అమ్మ ఏడుస్తుంది, అమ్మ గొంతు మారితే నాకు మాట రాదు, అందుకే కూర్చుని ఇదంతా టైప్ చేసి తమ్ముడి వాట్సాప్‌కి పంపుతున్నాను. తమ్ముడూ, అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి గట్టిగా చదువు, మామ్మకి కుడి చెవి పక్కన కూర్చుని చదువు.

నర్సింగ్ ట్రైనింగ్‌లో పండగ మూడు రోజులూ నాకు క్యాజువాలిటీలో డ్యూటీ పడింది, ఇంటికి రాలేను. లీవు అడిగాను, కానీ పండక్కి స్టాఫ్ సగం మంది ఊళ్ళకెళ్ళిపోతారు, పేషెంట్లేమో ఎక్కువవుతారు. ఇక్కడ సంక్రాంతి అంటే గాలిపటాలు, నైలాన్ మాంజా బ్యాన్ చేసినా ఎక్కడో ఒకచోట వాడుతూనే ఉంటారు, బైక్ మీద పోయేవాళ్ళకి మెడ దగ్గర తెగి వస్తారని సీనియర్లు చెప్తున్నారు. మేడల మీంచి పడే పిల్లలు సరేసరి. అలాంటప్పుడు అక్కడ ఉండాల్సిందే కదా, నేర్చుకోడానికే కదా మీరు పంపింది. అందుకని నాకు బాధ ఉన్నా మనసులో బరువు లేదు, మీరు కూడా పెట్టుకోవద్దు.

నేను అడిగేది ఒక్కటే. నేను రాలేదని పండగ తగ్గించొద్దు. మొన్న అమ్మ "నువ్వు రాపోతే అరిసెలెవరికే, కాసిని బయట కొనేస్తాలే" అంది, అప్పట్నుంచీ నాకు అదే తొలుస్తుంది. అమ్మా, కొనకు. కొత్త బియ్యం నానబోసి, తడి పిండి ఆరకముందే జల్లించి, బెల్లం పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టేదాకా చూసి, ఆ పిండి కలిపేటప్పుడు పిన్ని, దొడ్డమ్మ తలా ఒక చెయ్యేసి, అరిసె నూనెలోంచి తియ్యగానే చెక్కల మధ్య పెట్టి నొక్కుతుంటే ఆ వాసనకి వీధిలో వాళ్ళంతా వచ్చేస్తారే, అది ఉండాలి మనింట్లో. నువ్వులు మాత్రం బాగా వెయ్యి. కనుమ వెళ్ళాక ఎవరైనా ఇటు వస్తుంటే నాకూ పంపు, రూములో వరంగల్ అమ్మాయి వాళ్ళమ్మ చేసిన సకినాలు డబ్బాడు తెచ్చి మా అందరికీ పెట్టింది, మా గోదారోళ్ళ అరిసె రుచేంటో తనకి చూపించాలి నేను. వీలైతే ఆత్రేయపురం పూతరేకులు కూడా, బెల్లంవే, పంచదారవి వద్దు. మరీ కనుమ రోజు ఎవర్నీ బయల్దేరమనొద్దు, కనుమ నాడు కాకైనా కదలదని మామ్మ తిడుతుంది.

వాకిట్లో ముగ్గు వెయ్యకుండా వదలొద్దు. నాలాగా పెద్ద రథం ముగ్గు రాకపోతే చుక్కల ముగ్గే వెయ్యండి, పక్కింటి చిట్టిని పిలిస్తే గబగబా వచ్చేస్తుంది, దానికి ఈ ఏడు గొబ్బెమ్మలు పెట్టడం కూడా నేర్పించు అమ్మా, గుమ్మడి పువ్వు మధ్యలో వచ్చేట్టు, పక్కన బంతిపూరేకులు. భోగిమంటకి పిడకల దండలు చిన్నవైనా సరే, గుచ్చండి. పెద్ద బావగారి బుడ్డోడికి ఇది మొదటి భోగి కాబట్టి రేగుపళ్ళూ చిల్లరా నా తరఫున కూడా పొయ్యాలి, వాడు ఏడవకుండా ఉన్న ఫోటో ఒకటి కావాలి నాకు. హరిదాసు వస్తే గిన్నెలో బియ్యం మామ్మ చేతే పోయించండి, ఆవిడకి అదో తృప్తి. చూరుకి వరి కంకుల కుచ్చు కట్టడం మర్చిపోకండి, పిచ్చుకలు వస్తాయి.

ఇంక నాన్నగారూ, ఇది మీకు. మీరు ఈసారి కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళనన్నారంట, తమ్ముడు చెప్పాడు. మోకాలు నెప్పి అని అమ్మతో అన్నారంట, కానీ నాకు తెలుసు కదా, ప్రతీ ఏడూ నన్ను తీసుకెళ్ళి గట్టు మీద నిలబెట్టేది మీరే, ఈసారి నేను లేనని మీకు మనసు రావట్లేదు. వెళ్ళండి నాన్నగారూ. పదకొండు ఊళ్ళ రుద్రులు ఏడాదికొక్కసారి ఆ కొబ్బరితోటలో కలుసుకునే రోజది. గంగలకుర్రు వైపు నుంచి స్వామిని పెట్టి భుజాల మీద మోసుకొచ్చే ప్రభలు కౌశిక నదిలో దిగినప్పుడు పీకల్లోతు నీళ్ళలో కూడా మనోళ్ళు భుజం దించకుండా "అశ్శరభ శరభ" అని అరుచుకుంటూ ఎక్కించేస్తారే, అది చూస్తే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. వ్యాఘ్రేశ్వరస్వామి ప్రభ రాగానే మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి చూడండి, ఆ క్షణంలో మీరు అక్కడ ఉండాలి, నా బదులు కూడా దణ్ణం పెట్టాలి. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ప్రభల శకటం వెళ్తుంటే టీవీ ముందు మీరు లేచి నిలబడ్డారు, అలాంటి మీరు ఊళ్ళో ఉండి తీర్థానికి వెళ్ళకపోవడమేంటి.

ప్రభ కిందకి మాత్రం ఈసారి తమ్ముణ్ణి పంపండి. వాడు ఇంటర్‌కొచ్చాడు, ఎత్తుగా అయ్యాడు, భుజం కలపడానికి వాడికీ ఎప్పట్నుంచో కోరికగా ఉంది, మిమ్మల్ని అడగడానికి భయపడుతున్నాడు. మీరు పక్కనే నడుస్తూ అడుగు ఎలా వెయ్యాలో చెప్పండి. చేలల్లోంచి వెళ్ళేటప్పుడు దాళ్వా నాట్లు తొక్కుకుపోతాయి, స్వామి పాదం పడిన చేనని ఏ రైతూ ఒక్క మాట అనడు, అది వాడు కళ్ళారా చూస్తే బావుంటుంది. తమ్ముడూ, నువ్వు ఇది చదివేటప్పుడు సిగ్గుపడకు, మొత్తం చదువు. ఇంకో మాట, పందేల బరుల వైపు వెళ్ళకు, గుండాట దగ్గర అస్సలు నిలబడకు, ఫ్రెండ్స్ పిలిచినా సరే.

మన నాట్లు అయిపోయాయా నాన్నగారూ, కాలవకి నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా? కొబ్బరికి తెల్లదోమ తగ్గిందా? బీపీ మాత్ర పండగ హడావుడిలో మానెయ్యొద్దు, కనుమ రోజు గారెలు, కోడికూర తినండి కానీ ఆవకాయ ఆ రోజుకి వద్దు, ఉప్పు ఎక్కువైపోతుంది. నేను సగం నర్సుని ఇప్పుడు, నా మాట వినాలి మీరు.

ఇక్కడ నా గురించి బెంగ పెట్టుకోవద్దు. హాస్టల్లో భోగి రోజు పొద్దున్న మేమందరం కలిసి గేటు ముందు ముగ్గు వేస్తాం అనుకున్నాం, వార్డెన్ మేడం సరేనన్నారు, రంగులు కోఠీలో కొనుక్కొచ్చాం. మామ్మకి అక్కడే ఒక శాలువా కూడా కొన్నాను, మెరూన్ రంగు, దొడ్డమ్మ గారి అబ్బాయి రేపు బస్సుకి వస్తున్నాడు, ఇచ్చి పంపుతున్నాను. మామ్మా, పెట్టెలో దాచకుండా భోగిమంట దగ్గర కప్పుకో.

కనుమ రాత్రి నా డ్యూటీ తొమ్మిదికి అయిపోతుంది, అప్పుడు వీడియో కాల్ చేస్తాను. అందరూ కొత్త బట్టల్లో ఉండండి, గేదె కొమ్ములకి రంగేసింది కూడా చూపించండి. మార్చిలో సెలవలివ్వగానే వచ్చేస్తాను.

మీ
శిరీష