ఈనె: థీసిస్ ఫిల్మ్ లాగ్‌లైన్, సినాప్సిస్

గైడ్ ఆమోదం కోసం
కల్పిత లఘుచిత్రం, తెలుగు, సుమారు 20 నిమిషాలు
కథాస్థలం: ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఒక పల్లె. మార్చి నెల, ఒకే రాత్రి.

లాగ్‌లైన్

చూపు పోతున్న సంగతి దాచి, పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు కాపలా కాస్తున్న ముసలాయన, తన బదులు థర్మామీటర్ చదివిపెట్టే మనవరాలు పదో తరగతి పరీక్ష ముందు రాత్రి నిద్ర కోసం తప్పు అంకె చెప్పిందని పసిగడతాడు. ఆ పిల్లను లేపకుండా, రైతుకు దొరక్కుండా, తెల్లారేలోగా ఆకును దక్కించుకోవాలి.

సినాప్సిస్

మాలకొండయ్యకు అరవై అయిదేళ్లు. బ్యారన్ పొయ్యి దగ్గర ఆయన చెయ్యి పడితే ఆకు బంగారం రంగు తిరుగుతుందని చుట్టుపక్కల పేరు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఆ సంగతి తెలిస్తే ఎవరూ పొయ్యి అప్పగించరు. అందుకే రాత్రిళ్లు మనవరాలు కావ్యను వెంటబెట్టుకుని వస్తాడు. కావ్య అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. గంటకోసారి ఆ పిల్ల బ్యారన్ గోడకున్న చిన్న అద్దంలోకి సెల్‌ఫోన్ లైటు వేసి, లోపల వేలాడే థర్మామీటర్ చూసి అంకె చెబుతుంది. దాన్నిబట్టి ఆయన కట్టె వేస్తాడు, లేదా ఆపుతాడు. రైతు వెంకటేశ్వర్లు అడిగితే మాత్రం, "చదువుకోవడానికి ఇక్కడ లైటుంది, అందుకని వస్తా ఉంది" అంటాడు.

ఈ సీజన్‌కు ఇదే ఆఖరి బ్యారన్. ఆకు మగ్గింది, రేకు ఆరింది, ఇక ఈనె ఆరాలి. ఈ దశలో వేడి నూట అరవై ఫారన్‌హీట్ దగ్గర నిలబడాలి. మధ్యలో పడిపోతే ఈనెలోని చెమ్మ రేకులోకి దిగి నల్ల చారలొస్తాయి. హద్దు దాటితే ఆకు ఎర్రబడుతుంది. ఎండిన ఆకు రాలి వేడి గొట్టం మీద పడిందంటే బ్యారనే అంటుకోవచ్చు. వెంకటేశ్వర్లుది కౌలు బ్యారన్, పంట అప్పు మీద వేసింది. వేలంలో ఎవరూ పాడక 'నో బిడ్' అయి వెనక్కొచ్చిన బేళ్లు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. "ఈసారి రంగు పోతే నేను లేవలేను కొండయ్యా" అని చెప్పి ఇంటికి వెళతాడు.

పొద్దున్నే కావ్యకు లెక్కల పరీక్ష. పది గంటలకు చూసి చెబుతుంది. పదకొండుకు పుస్తకం ముఖం మీద పెట్టుకుని లేచి, చూసి చెబుతుంది. పన్నెండుకు మంచం మీద నుంచి కదలకుండానే "నూట అరవై" అంటుంది. ఒంటిగంటకూ అదే మాట. మాలకొండయ్య నమ్మి కట్టె వెయ్యడు.

రెండు గంటలప్పుడు గోడకు ఆనుకుని బీడీ కోసం తడుముకుంటూ ఆగిపోతాడు. గోడ చల్లబడింది. అరచెయ్యి ఆనించి చూస్తాడు, అనుమానం లేదు. అద్దం దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించినా మసక తప్ప ఏమీ కనపడదు. "ఎంతే అమ్మాయ్?" అని మెల్లగా అడుగుతాడు. దుప్పట్లోంచి సమాధానం: "నూట అరవై తాతా."

కేకేసి లేపొచ్చు. కానీ ఆ పిల్లను ఈ పొయ్యి కాడికి తెచ్చింది తనే. లేపడు. ఒక్కో కట్టె పెట్టి, ఆగి, గోడకు చెయ్యి ఆనించి, వాసన పట్టి, మళ్లీ ఒక కట్టె పెడతాడు. వేడి పెరుగుతోందని చేతికి తెలుస్తుంది గానీ ఎక్కడ ఆపాలో తెలియదు. లోపల ఏదో రాలిన చప్పుడవుతుంది. వణికిపోయి పొయ్యిలోంచి మండే కట్టెను బయటికి లాగేస్తాడు. కాసేపటికి మళ్లీ అదే కట్టెను లోపలికి తోస్తాడు. సినిమాలో ఎక్కువ నిడివి ఈ ఘట్టానిదే. ఇందులో మాట ఒక్కటీ ఉండదు.

మూడున్నరకు నిద్రపట్టని వెంకటేశ్వర్లు బైకు మీద వస్తాడు. "ఎంతుంది కొండయ్యా?" మాలకొండయ్య నోరు తెరిచేలోపే, అలవాటైన ప్రశ్న నిద్రలో చెవినబడి కావ్య జవాబిస్తుంది: "నూట అరవై తాతా."

వెంకటేశ్వర్లు అద్దంలోకి టార్చి వేసి చూస్తాడు. నూట నలభై ఎనిమిది. ముసలాయన వైపు చూస్తాడు, మంచం వైపు చూస్తాడు. "పిల్లదేం లేదు అబ్బాయా. నాకే కనపడదు. రెండేళ్లయింది" అంటాడు మాలకొండయ్య. వెంకటేశ్వర్లు తలుపు సందులోంచి చెయ్యి పెట్టి కింది వరస ఆకు ఒకటి లాగి ఈనె విరుస్తాడు. విరగదు, వంగుతుంది. రేకు మీద సన్నటి నల్లచార. బూతు ఒకటి నోటిదాకా వస్తుంది, మింగేస్తాడు. తిట్టి పంపేస్తే ఈ అపరాత్రి పొయ్యి చూసేవాడు దొరకడు, కట్టె లెక్క తనకు తెలియదు. అద్దం దగ్గర తనే నిలబడి అంకెలు చెప్పడం మొదలుపెడతాడు. మాలకొండయ్య కట్టె వేస్తాడు. కళ్లు తెరిచిన కావ్య వాళ్లిద్దరినీ చూసి ఏం జరిగిందో అర్థమై, లేవలేక, పడుకోలేక గోడవైపు తిరుగుతుంది.

తెల్లారాక ఇంకో ఆకు తీసి విరుస్తారు. ఈనె టప్పున విరుగుతుంది. వెంకటేశ్వర్లు కూలి లెక్కపెట్టి, చారలు పడిన ఆకు కింద కొంత తగ్గించి ఇస్తాడు. మాలకొండయ్య నోట్లు వేళ్లతో కొలిచి చూసుకుంటాడు, తగ్గాయని తెలుస్తుంది, అడగడు. వచ్చే ఏడు సంగతి ఇద్దరూ ఎత్తరు. "పరీక్షకు టైమవుతా ఉంది, ఎక్కు" అని వెంకటేశ్వర్లే కావ్యను బైకు ఎక్కించుకుంటాడు. పరీక్ష హాల్లో పేపర్ తీసుకుని మొదటి పేజీలో హాల్‌టికెట్ నంబరు వేస్తుంటే, మధ్యలో ఒక అంకె దగ్గర కావ్య చెయ్యి ఆగుతుంది. మళ్లీ సరిచూసుకుని వేస్తుంది. అక్కడ ముగుస్తుంది.

గైడ్‌కు నాలుగు మాటలు

మేడమ్, లాగ్‌లైన్‌లో 'పొగాకు రైతుల కష్టాలు' అనే మాట కావాలనే పెట్టలేదు. ధర, వేలం, అప్పు కథకు ఒత్తిడినిస్తాయి, అంతే. సినిమా తాతా మనవరాళ్ల మధ్య ఉన్న రెండు అబద్ధాల గురించి. వెంకటేశ్వర్లును విలన్ చేస్తే కథ తేలికైపోతుంది. ఆయన కూలి కోసుకోవడం, పిల్లను పరీక్షకు దించడం రెండూ ఒకే మనిషి పనులుగా కనిపించాలి.

కావ్య అబద్ధం ప్రేక్షకుడికి ముందే తెలియాలా, తాతతో పాటే తెలియాలా అన్నది ఇంకా తేల్చుకోవాల్సి ఉంది. ప్రస్తుతానికి ముందే తెలిసేలా రాశాను. పన్నెండు గంటల సీనులో కెమెరా అద్దం మీదే ఉంటుంది, అటువైపు ఎవరూ రారు. మీరు ఒప్పుకోకపోతే మారేది ఆ ఒక్క సీనే.

షూటింగ్ ఖాళీ బ్యారన్‌లో. పొయ్యి వెలిగించే షాట్లప్పుడు లోపల ఆకు ఉండదు. కర్రలకు కట్టిన ఆకు, గ్రేడింగ్ దృశ్యాలు ఫిబ్రవరి, మార్చిలో నడుస్తున్న బ్యారన్ దగ్గర పగటిపూట విడిగా తీస్తాం. థర్మామీటర్ క్లోజప్‌లు క్యాంపస్‌లోనే. ఎక్కువ భాగం రాత్రి సీన్లు కాబట్టి కావ్య పాత్రకు పద్దెనిమిది నిండిన, చిన్నగా కనిపించే అమ్మాయినే తీసుకుంటాను. మాలకొండయ్యకు మాత్రం నటుణ్ని వెతకడం లేదు. నిజంగా బ్యారన్ కాపలా చేసినవాళ్లనే చూస్తున్నాను, ఆ చేతులు నేర్పితే వచ్చేవి కావు.

ఈ కథకు మీ ఆమోదం వస్తే స్క్రీన్‌ప్లే మొదలుపెడతాను. సీజన్ దాటితే ఆకు దృశ్యాల కోసం ఏడాది ఆగాలి కాబట్టి, మార్పులేవైనా ఉంటే జనవరిలోగా చెప్పమని కోరుతున్నాను.