కొత్త సమాచార భద్రత పాలసీ: మన సపోర్ట్ టీమ్‌కు మారేవి

అందరికీ నమస్కారం,

నిన్న మెయిల్‌లో వచ్చిన పాలసీ నలభై పేజీలూ చదివాను. చాలా భాగం సర్వర్లు చూసేవాళ్లకూ, కాంట్రాక్టులు రాసేవాళ్లకూ సంబంధించింది. మన పని మారేది 11 నుంచి 19వ పేజీ వరకే. ఆ తొమ్మిది పేజీలు మాత్రం మీరే చదవండి. వచ్చే నెల 1 నుంచి అమలు.

అన్నిటికన్నా పెద్ద మార్పు: కస్టమర్ వివరాలున్న ఫైల్‌ను మెయిల్‌కు జతచేసి పంపకూడదు, మనలో మనకైనా సరే. షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, చూడాల్సినవాళ్ల పేర్లకే అనుమతి ఇచ్చి, 7 రోజుల గడువుతో లింక్ పంపాలి. పొరపాటున వేరేవాళ్లకు వెళ్తే లింక్‌కు అనుమతి తీసేయొచ్చు. అటాచ్‌మెంట్ వెళ్లిందంటే వెళ్లిపోయినట్టే.

బయటకు పంపే రిపోర్టుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎక్సెల్‌లో ఫోన్ నంబర్ల కాలమ్ దాచితే సరిపోదు, అన్‌హైడ్ చేస్తే కనిపిస్తుంది. పివట్ టేబుల్‌తో మరీ ప్రమాదం. అసలు డేటా ఉన్న షీట్ తీసేసినా, దాని నకలు మామూలుగా పివట్‌లోనే ఉండిపోతుంది. మొత్తం చూపే గడి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వరుసలన్నీ కొత్త షీట్‌లో బయటపడతాయి. అందుకని పట్టికను కాపీ చేసి, కొత్త ఫైల్‌లో Paste Special > Values తో అతికించి, ఆ ఫైలే పంపండి. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీసినా కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే వచ్చేస్తాయి. పీడీఎఫ్ చేయకముందే పేరు తీసేయండి.

పాస్‌వర్డ్ 90 రోజులకోసారి మార్చే గొడవ పోయింది. బదులుగా కనీసం 14 అక్షరాలుండాలి. ఎస్ఎంఎస్ ఓటీపీ ఆగిపోతుంది, ఆథెంటికేటర్ యాప్ తప్పనిసరి. ఫోన్ మార్చేటప్పుడు ముందు కొత్తదాంట్లో యాప్ నమోదు చేసుకుని, లాగిన్ అయి చూసి, ఆ తర్వాతే పాతది రీసెట్ చేయండి. ముందే చేసేస్తే మీ అకౌంట్‌లోకి మీరే వెళ్లలేరు. మీరు లాగిన్ అవ్వకుండా యాప్‌లో రిక్వెస్ట్ వస్తే మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిందన్నమాట. తిరస్కరించి, వెంటనే మార్చండి.

పొరపాటున డేటా బయటకు వెళ్తే చెప్పాల్సిన గడువు 24 గంటల నుంచి 1 గంటకు తగ్గింది. పంపిన మెయిల్ డిలీట్ చేయకండి. ఏం వెళ్లిందో, ఎవరికి వెళ్లిందో తేల్చడానికి అదే ఆధారం. తనంతట తాను చెప్పినవారిపై చర్య ఉండదని 17వ పేజీలో స్పష్టంగా రాశారు. అర్ధరాత్రైనా నాకు ఫోన్ చేయండి.

యూఎస్‌బీ, ప్రింటింగ్ నియమాల్లో మార్పు లేదు.

ఈ శుక్రవారంలోగా రెండు పనులు: యాప్ నమోదు చేసుకోవడం, "లింక్ ఉన్న ఎవరైనా" అని మీరు ఇదివరకు షేర్ చేసినవన్నీ మూసేయడం. రెండోదానికి సమయం పడుతుంది కాబట్టి గురువారం మధ్యాహ్నం మీటింగ్ రద్దు చేశాను.

కాల్ రికార్డింగులు వెండర్‌కు పంపొచ్చా లేదా అన్నది 14వ పేజీలో తేలలేదు. సెక్యూరిటీ టీమ్‌ను అడిగాను. జవాబు వచ్చేదాకా ఎవరూ పంపకండి. వెండర్ తొందరపెడితే నా పేరు చెప్పండి.