పులుసు పాయింట్‌కి వద్దనుకున్న పేర్లు

మాగుంట లేఅవుట్‌లో పెట్టబోయే చేపల పులుసు పార్సిల్ పాయింట్‌కి ఆదివారం పేర్లు వెతుకుతాం. ఈ జాబితాలో పడే పేరు ఆ రోజు ఎవరూ పలకొద్దు.

ఊరి పేర్లు: నెల్లూరు, సింహపురి, పెన్నా. ఊళ్లో సగం బోర్డులు వీటితోనే మొదలవుతాయి. పైగా ట్రేడ్‌మార్క్‌కి వెళ్తే ఊరి పేరు, సరుకు పేరు మాత్రమే ఉన్నవాటికి 1999 చట్టం 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుంది. కాబట్టి ‘నెల్లూరు చేపల పులుసు’ బోర్డు మీద కింద వరసలో ఉండొచ్చు, పేరుగా వద్దు.

దేవుళ్ల పేర్లు: రంగనాథ, మత్స్యావతారం. మాంసాహారం కవరు మీద దేవుడి పేరుంటే, తిన్నాక అది పోయేది చెత్తబుట్టలోకే.

గంగతో మొదలయ్యేవి: ‘పెట్టుబడి గంగలో కలిసిందా?’ అని అడిగేవాళ్లు రెడీగా ఉంటారు.

శబ్దం: ఇంగ్లిష్ అక్షరాల్లో దీర్ఘం, ఒత్తు పోయే పేర్లు వద్దు. Chepa అని రాస్తే ‘చెప’ అంటారో ‘చేప’ అంటారో తెలీదు. Kura చూసి ‘కుర’ అంటారు. ళ, ణ కూడా వద్దు. యాప్‌లో వెతికేవాళ్లు l కొట్టాలా, ll కొట్టాలా అని ఆగిపోతారు. నాలుగు అక్షరాలు దాటితే ఫోన్‌లో రెండుసార్లు చెప్పాలి.

వాసన గుర్తుచేసేవి: రేవు, వల, గాలం, ఎండుచేప. మనం అమ్మేది మామిడికాయ వేసిన పులుసు, పచ్చి చేపలు కాదు.

స్టైల్: ‘అమ్మ చేతి’, ‘నాయనమ్మ’, ‘రాజు గారి’, ‘ది ఫిష్ స్టోరీ’. మొదటి మూడూ అరిగిపోయాయి. చివరిది మనూరి నోట పలకదు.