సమ్మె ముచ్చట

పొద్దున భద్రకాళి బండ్ మీద ఇద్దరు ముసలోళ్లు ఒక ఫోన్‌ను మధ్యల పెట్టుకొని గట్టిగా మాట్లాడుతుంటే కొత్తవాళ్లు ఆగి చూస్తారు. రోజూ నడిచేవాళ్లకు అలవాటే. ఇద్దరికీ చెవుడు. మల్లయ్య ఆజంజాహి మిల్లులో సాంచెలు నడిపినవాడు, నిర్మల్ బాబు హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులో. ఆ మోతలో బతికిన చెవులు మరి. నిట్‌లో పాఠాలు చెప్పే కూతురి దగ్గరికి వచ్చి నిర్మల్ బాబు వరంగల్‌లోనే ఉండిపోయాడు. తెలుగు రాదు. మల్లయ్యకు బెంగాలీ మాట అటుంచి, హిందీ కూడా అంతంతే.

మల్లయ్య మనుమడు ఫోన్‌లో ఆప్ పెట్టిచ్చాడు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఒక ఆడగొంతు అవతలి భాషలో చెబుతుంది. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే దానికి సరిగా అందదు. అందుకని మల్లయ్య రేడియో వార్తల తీరు నేర్చుకున్నాడు.

ఆ రోజు ముచ్చట సమ్మెల మీదికి పోయింది. తమ సమ్మెలో ఇంటామె పుస్తెలు కుదువబెట్టింది, పూటకింత గటక తాగి గేటు ముందర కూసున్నది, అన్నీ చెప్పాడు మల్లయ్య. "మీ దగ్గర సమ్మెలు జరిగాయా?" అని అడిగాడు.

నిర్మల్ బాబు చెరువు దిక్కు చూస్తూ చాలాసేపు మాట్లాడాడు.

"జరిగాయి," అన్నది ఫోన్. "ఒక సమ్మెలో నేను పనికి వెళ్ళాను. వెనక గోడ దూకి వెళ్ళాను. మిగతావాళ్ళందరూ గేటు బయట ఉన్నారు."

మల్లయ్య దిగ్గున లేచాడు. మైకు నొక్కి నోటికొచ్చిందల్లా తిట్టాడు. తెర మీద తలాతోకా లేని నాలుగు మాటలు పడ్డాయి. తుడిపేసి మళ్లా తిట్టాడు. మళ్లా అంతే. మూడోసారికి ఊపిరి ఆడలేదు. బెంచీ మీద కూలబడి, కోపమంతా కూడగట్టి రెండే మాటలన్నాడు.

"ఎందుకు వెళ్ళారు?"

"నా కూతురికి టైఫాయిడ్. మందులకు డబ్బు లేదు. యూనియన్ వాళ్ళను అడిగాను, వాళ్ళ ఇళ్ళలోనూ తిండి లేదు. వాళ్ళ తప్పేమీ లేదు. తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు. రిటైరైన రోజు గేటు దాకా నాతో ఎవరూ రాలేదు."

ఆ కూతురే. కాకా అని పిలుస్తూ ఆదివారం పూట మల్లయ్యకు పూరీలు డబ్బాలో పెట్టి పంపే పిల్ల.

మల్లయ్య ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పాడు. "మా గల్లీలో అయిలయ్య అని ఉన్నాడు. నాకు బామ్మర్ది వరస. సమ్మెలో అతను పనికి వెళ్ళాడు. ఆ రాత్రి అతని ఇంటి పెంకుల మీద రాళ్ళు వేశారు. నేనూ వేశాను. లోపల పిల్లలు ఉన్నారని నాకు తెలుసు. నలభై ఏండ్లయింది. ఇప్పటికీ మాట్లాడను."

నడిచేవాళ్లు వింటున్నారు. మల్లయ్య సౌండ్ తగ్గించలేదు.

"అతను ఎందుకు వెళ్ళాడు?"

మల్లయ్య తెలియదన్నట్టు చెయ్యి తిప్పాడు. నిర్మల్ బాబు కర్ర పట్టుకొని లేచి, "చలో, మల్లయ్యదా," అన్నాడు. మల్లయ్య కదల్లేదు. నిర్మల్ బాబు మళ్లా మైకు నొక్కాడు.

"మా వీధిలో నన్ను ఆ మాట అడగగలిగిన వాళ్ళందరూ చనిపోయారు. మీ అయిలయ్య ఉన్నాడు కదా."

పోచమ్మ మైదాన్ దాకా ఆటో. అక్కడి నుంచి కొత్తవాడ గల్లీల్లోకి నడక. ఒకప్పుడు ఇంటింటా జంఖానాల మగ్గం ఆడేది, ఇప్పుడు ఎక్కడో ఒకటి చప్పుడవుతున్నది. అయిలయ్య అరుగు మీద కూసొని రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నాడు. తలెత్తి చూశాడు. చేతిలో దారం తెగింది.

బండ్ మీద మాట్లాడీ మాట్లాడీ మల్లయ్య నోటికి ఆ తెలుగే వచ్చింది. "అయిలయ్యా, మీరు బాగున్నారా?"

"గదేం మాటనే బావా, మీరు గీరు అంటున్నవ్? కూసో. గీ సారెవలు?"

"నా దోస్తు. గీనెది కలకత్తా దిక్కు. నిన్నొక మాట అడగాలె, గందుకే తోల్కొచ్చిండు."

"నువ్వడగాల్నా, గాయిన అడగాల్నా?"

"నేనే." గొంతు సవరించుకున్నాడు మల్లయ్య. "సమ్మెప్పుడు మిల్లుల కెందుకు పోయినవ్‌రా?"

అయిలయ్య తెగిన దారం కొసలు ముడేసి రాట్నం పక్కకు జరిపాడు. లోపలికి తిరిగి మూడు చాయలు పెట్టమని కోడలికి చెప్పాడు. "అప్పుడు మా అవ్వ మంచంల ఉండె బావా. నీకెరుకే..."

"ఎరుకలేదు. చెప్పు."

నిర్మల్ బాబు అరుగు మీద ఇంత ముందుకు జరిగి, మైకు నొక్కి ఫోన్‌ను అయిలయ్య నోటి దగ్గర పట్టాడు.