శిక్షణార్థి ఉపసంపాదక ఉద్యోగానికి సిఫారసు లేఖ

విశాఖపట్నం,
12 మే 2025

సంపాదకులకు,
విజయవాడ.

విషయం: కుమారి గొర్లె శ్రావణి దరఖాస్తు గురించి.

ఆర్యా,

మీ దినపత్రికలో శిక్షణార్థి ఉపసంపాదక ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుంటున్న కుమారి గొర్లె శ్రావణి మా శాఖలో ఎం.ఏ. తెలుగు పూర్తి చేసి, చివరి సెమిస్టర్ ఫలితాల కోసం ఎదురుచూస్తున్నది. రెండేళ్లు ఆమెకు భాషాశాస్త్రం, అనువాదం బోధించాను. ఆమె ప్రాజెక్టుకు పర్యవేక్షకుణ్ణి కూడా నేనే. మార్కుల పట్టిక మీకు ఎలాగూ చేరుతుంది కనుక, అందులో కనిపించని సంగతులు రాస్తున్నాను.

ప్రాజెక్టు కోసం ఆమె శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ పనివారి పదజాలాన్ని ఎంచుకుంది. 1971లో వెలువడిన చేనేత వృత్తి పదకోశం ఉండనే ఉంది కాబట్టి అందులోని మాటలనే తిరగరాసి గట్టెక్కే వీలుంది. కొందరు అలా చేయడం నేను చూశాను కూడా. ఈమె మాత్రం సెలవుల్లో ఊళ్లోనే ఉండి, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం దగ్గర నుంచి ఏకులు చుట్టి రాట్నం మీద నూలు వడికే దాకా ప్రతి పనినీ పక్కన కూర్చుని చూసి, ఒక్కో మాటను కనీసం ఇద్దరు పనివారి నోట విన్నాకే నమోదు చేసింది. ఒకరే చెప్పిన మాటలను విడిగా అనుబంధంలో చేర్చి, ఆ సంగతి స్పష్టంగా రాసింది. వార్తను నిర్ధారించుకోవలసిన ఉద్యోగానికి ఇంతకు మించిన అర్హతను నేను చూపలేను.

శాఖ వార్షిక సంచికకు వచ్చిన వ్యాసాలను దిద్దే పని కూడా ఆమెకే అప్పగించాను. ఇంగ్లీషు నుంచి అనువదించిన ఒక వ్యాసంలో ఒకటిన్నర మిలియన్లను కోటిన్నరగా రాసిన పొరపాటు నా కంటపడకుండానే అచ్చుకు సిద్ధమైంది. ఆమె మూలం తెప్పించుకుని చూసి, పదిహేను లక్షలని సరిచేసి, రచయితకు తెలియజేసిన తరువాతే ప్రతిని ప్రెస్సుకు పంపింది. వాక్యం సాఫీగా చదివించడం, అవసరం లేని సంస్కృత సమాసాలను తప్పించడం ఆమెకు బాగా తెలుసు. యూనికోడ్‌లో వేగంగా టైపు చేయగలదు.

శీర్షికలు పెట్టడంలో ఆమెకు ఇంకా అభ్యాసం కావాలి. క్లుప్తంగా రాయమంటే కొంత తటపటాయిస్తుంది. డెస్కులో అనుభవజ్ఞుల పక్కన పనిచేస్తే ఈ లోపం త్వరగానే తీరుతుందని నా నమ్మకం, ఎందుకంటే దిద్దిన ప్రతిని చిన్నబుచ్చుకోకుండా తీసుకుని, ఎందుకు దిద్దామో అడిగి తెలుసుకునే స్వభావం ఆమెది. రాత్రి షిఫ్టు విషయం ఇంట్లో మాట్లాడి, అందరి అంగీకారం తీసుకున్నాకే దరఖాస్తు పంపుతున్నానని నాతో చెప్పింది.

ఆమెను ఈ ఉద్యోగానికి మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. ప్రాజెక్టు ప్రతిని ఈ లేఖతో జతపరిచాను. పరీక్షకు పిలిచే ముందు ఒకసారి దాని అనుబంధాన్ని తిరగవేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఆచార్య పి. సూర్యనారాయణ
తెలుగు శాఖ