బెదిరింపు ఘటనపై నివేదిక: ప్యాకింగ్ హాల్, బి షిఫ్టు

తేదీ: 12 మార్చి 2026, రాత్రి 10.40
హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,
రాసింది: బి షిఫ్టు ఇన్‌ఛార్జి, జీడిమెట్ల యూనిట్

ఈ సాయంత్రం 6.10 ప్రాంతంలో రెండో లైన్ దగ్గర ఆపరేటర్ సురేశ్ తోటి ఆపరేటర్ లక్ష్మణ్‌ను చంపుతానని బెదిరించాడు. ఆదివారం ఓటీ లిస్టులో తన పేరు లేకపోవడానికి లక్ష్మణే కారణమని అతని కోపం. నిజానికి లిస్టు వేసింది నేను.

నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. చెవులారా విన్న మాటలు ఇవి: "షాపూర్‌నగర్ మీదికెల్లే పోతవ్ గదా రోజూ. ఇయ్యాల ఇంటికి ఎట్ల పోతవో చూస్తా. బతకనియ్య." లక్ష్మణ్ "ఏమైందన్నా, నేనేం జేసిన" అన్నాడు తప్ప తిరిగి తిట్టలేదు.

సురేశ్ చేతిలో అట్టపెట్టెలు కోసే బ్లేడు ఉంది. అది అతని పనిముట్టే. లక్ష్మణ్ వైపు ఎత్తడం నేను చూడలేదు. ఎత్తాడని హెల్పర్ ఒకరు అంటున్నారు, ఆ మాట ఆయన స్టేట్‌మెంట్‌లోనే ఉంది. తాగి వచ్చాడని కూడా ఎవరో అన్నారు. నాకు వాసన తగల్లేదు, పరీక్ష జరగలేదు. అందుకే ఆ సంగతి తేల్చి రాయడం లేదు.

వెంటనే లైన్ ఆపించి, లక్ష్మణ్‌ను ఇద్దరు తోడుగా వెనక తలుపు గుండా టైమాఫీసుకు పంపాను. బ్లేడు లాక్కోవద్దని అందరికీ చెప్పి, దూరం నుంచే "బల్ల మీద పెట్టు సురేశ్" అన్నాను. రెండోసారి చెప్పాక విసిరేశాడు. సెక్యూరిటీ వచ్చి గేటు కార్డు తీసుకుని 6.25కి బయటికి పంపారు. 112కు ఫోన్ చేశాం. పోలీసులు వచ్చి నాతో, లక్ష్మణ్‌తో మాట్లాడి వెళ్లారు. సురేశ్ గేటు బయట కాపు కాయవచ్చన్న అనుమానంతో లక్ష్మణ్‌ను బైకు మీద వెళ్లనివ్వలేదు. వాళ్లన్నయ్య వచ్చాక కంపెనీ వ్యాన్‌లో వేరే దారిన ఇల్లు చేర్చాం. 8.15కి చేరినట్టు ఆయనే ఫోన్ చేశాడు.

ముగ్గురు సాక్షుల చేత విడివిడిగా, ఒకరిది ఒకరికి చూపకుండా రాయించాను. సీసీటీవీలో మాట వినపడదు కాబట్టి ఈ కాగితాలే ముఖ్యం. ఫుటేజీ పదిహేను రోజులకు చెరిగిపోతుంది, రేపే కాపీ తీయించండి. బ్లేడు కవర్లో పెట్టి సీలు వేసి సెక్యూరిటీకి అప్పగించాను.

ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేద్దామని కొందరు పెద్దమనుషులు అంటున్నారు. ఇప్పుడు ఆ పని వద్దు. భయపడ్డ మనిషిని బెదిరించినవాడి ఎదురుగా కూర్చోబెడితే "సరేలే" అనక ఏం చేస్తాడు? చంపుతానని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351(3) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది లక్ష్మణ్ ఇష్టం. చేస్తే మనం అడ్డుపడకూడదు, స్టేషన్‌కు తోడు పంపాలి.

విచారణ తేలేదాకా సురేశ్‌ను సస్పెన్షన్‌లో ఉంచి, సంజాయిషీ నోటీసు ఇవ్వండి. అతని వాదన ఇంకా వినలేదు, అదీ రికార్డు కావాలి. లక్ష్మణ్‌ను ఎల్లుండి నుంచి జనరల్ షిఫ్టుకు మార్చమని కోరుతున్నాను, తనే అడిగాడు. అతని రేపటి సెలవును జీతంతో కూడిన సెలవుగా రాయండి.

జతపరిచినవి: సాక్షుల స్టేట్‌మెంట్లు మూడు, ఈ వారం ఓటీ లిస్టు, గేటు రిజిస్టరు పేజీ నకలు.

షిఫ్టు ఇన్‌ఛార్జి సంతకం